గోడ మీద పడే లైను

తొంభై తొమ్మిదో సంవత్సరంలో నల్లగొండ బస్టాండుకు కూతవేటు దూరంలో మెహమూద్ అచ్చుకొట్టు ఉండేది. అందులో ఒక మూల కంప్యూటరు పెట్టి, ఈమెయిలు పంపబడును అని అట్టముక్క వేలాడదీశాడు. అప్పటికి నాకు అరవై మూడు దాటాయి. నా పని సబ్జెక్టు లైన్లు దిద్దడం.

ఆ పని నాకెలా వచ్చిందో చెప్పాలి. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మెహమూద్ నాయిన, పెద్ద సాయిబు, ఉన్న రోజుల్లో ఆ కొట్టులో సీసం అక్షరాలు విడదీసి గడుల్లో వేసేదాన్ని. అ ఎక్కడిది అ గడిలో, ఏ ఎక్కడిది ఏ గడిలో. సీసం మీద అక్షరం తిరగబడి ఉంటుంది. అందుకే నేను మొదట తిరగబడ్డ అక్షరాలు నేర్చుకొని, తరువాత కాగితం మీద తిన్నవి చదివాను. తెలుగు అయ్యాక ఇంగ్లీషు గడులు. పెళ్లిపత్రికలు, సంఘాల కరపత్రాలు వచ్చేవి. రాతప్రతి ఎడమచేతి కింద, అచ్చుప్రతి కుడిచేతి కింద పెట్టుకొని ఒక్కొక్క అక్షరం చూసేదాన్ని. చాలా ఏళ్లపాటు ఆ ఇంగ్లీషు మాటలకు అర్థమేమిటో తెలియకుండానే తప్పులు పట్టాను. పెద్ద సాయిబు అనేవాడు, “ప్రమీలమ్మా, మనది చూసే పని. రాసే పని వేరేటోళ్లది. నీకు అనుమానమొస్తే అడుగు, సొంతంగ కలపకు.”

ఆ మాట విన్నప్పుడు సరే అన్నాను గాని, నా ఒంటికి పట్టింది వేరే రోజున. దాని సంగతి తరువాత.

కంప్యూటరు వచ్చాక జనం కాగితాల మీద రాసుకొని వచ్చేవాళ్లు. దుబాయి, దమ్మాం, మస్కట్ పోయినవాళ్ల ఇళ్లవాళ్లే ఎక్కువ. మెహమూద్ పగలంతా ఆ కాగితాలు చూసి టైపు చేసి పెట్టేవాడు. ఫోను ఊరికే కలిపి ఉంచే రోజులు కావవి. సాయంత్రం ఆరింటికి ఒక్కసారి హైదరాబాదుకు కలిపితే, ఫోనుకు తగిలించిన డబ్బాలోంచి కీచుమని, గరగరమని శబ్దాలు వచ్చి, పోగైన ఉత్తరాలన్నీ ఒక్క వరుసన వెళ్లిపోయేవి. అంతకు ముందు అయిదింటికి ఆ రోజు సబ్జెక్టు లైన్ల జాబితా ఒక కాగితం మీద అచ్చు తీసి నా ముందు పెట్టేవాడు. నేను జనం రాసిన చీటీలు పక్కన పెట్టుకొని పోల్చేదాన్ని. పేరు మొదటి అక్షరం చిన్నదైతే పెద్దది చేయమని గీత. అక్షరం తప్పితే దిద్దుబాటు. అక్కరలేని కామాలు, మూడు నాలుగు ఆశ్చర్యార్థకాలు ఉంటే కొట్టివేత. అంతే. ఒకాయన మేక చచ్చినది అనే సంగతిని ఇంగ్లీషులో వంకరగా రాశాడు. బడిపంతులు చూస్తే నవ్వుతాడు. చచ్చిన మేక ఏదో, ఎవరిదో చదివేవాడికి తెలుస్తోంది గదా, నేను దాని జోలికి పోలేదు. మేక పదంలో తప్పిపోయిన అక్షరం మాత్రం పెట్టాను.

ఒక్క లైనుకు ఇంత ఎందుకంటే, అవతల సంగతి అలా ఉండేది. దమ్మాంలో మనవాళ్లు ఎక్కువమంది ఉండే ఒక కంపెనీ క్యాంపులో మూడు వందల మందికి ఒకటే ఈమెయిలు చిరునామా. అక్కడి గుమస్తా రోజూ సబ్జెక్టు లైన్లు మాత్రం ఒక కాగితం మీద తీసి అన్నశాల గోడకు అంటించేవాడు. లోపలి ఉత్తరం శుక్రవారం గాని చేతికి ఇవ్వడు. పని దిగి వచ్చినవాళ్లు పళ్లెం పట్టుకొని గోడ ముందు నిలబడి తమ పేరు వెతుక్కునేవాళ్లట. అందుకని ఇక్కడివాళ్లు దాన్ని గోడ మీది లైను, పొట్టిగా మీది లైను అనేవాళ్లు. ముఖ్యమైన మాట మీది లైనులోనే, గుమస్తా చదవగలిగేలా ఇంగ్లీషులో పెట్టేవాళ్లు. పిల్లల చదువులు, సలాములు లోపలికి.

మా కొట్టులో ఇంకొకాయన ఉండేవాడు. రఘుపతి సారు. తంతి ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాడు. ఇంట్లో పొద్దుపోక వచ్చి కూర్చునేవాడు. జీతం లేదు, చాయ ఉంది.

“గిన్ని మాటలెందుకు ప్రమీలమ్మా?” అనేవాడు జాబితా చూసి. “నా చేతికిస్తే అయిదు మాటల్ల పెడ్త.”

“మాట లెక్కన పైసలు తీసుకునేది మీ తంతి, సారు. గిది గట్ల కాదు. ఎన్ని మాటలైనా గంతే.”

“అలవాటు మాట్లాడ్తది.”

“మాట్లాడనియ్యిండ్రి. రాయనియ్యకుండ్రి.”

మెహమూద్ పకపక నవ్వేవాడు. “అవ్వకూ సారుకూ కిరాయి లేకుండ సినిమా నడుస్తాంది నా దుకాణంల!”

ఒక మంగళవారం నా కళ్లు మసకబారి దవాఖానకు పోయాను. చుక్కలు వేసి, రెండు గంటలు మూసుకొని కూర్చోమన్నారు. తిరిగి వచ్చేసరికి అయిదు దాటి పది నిమిషాలైంది. కొట్టులోకి రాగానే రఘుపతి సారు సంతోషంగా లేచాడు.

“కూసో, కూసో. జాబితా నేనే చూసిన ఇయ్యాల. నీకు ఫికర్ లేకుండ జేసిన.”

జాబితా తీసుకున్నాను. పదకొండు లైన్లు. పది బాగానే ఉన్నాయి. ఏడోది చూశాను.

BASHIR FATHER FELL LEG BROKEN COME

“గిది ఎవరిది?”

“జాహేదాది,” అన్నాడు మెహమూద్. “దేవరకొండ జాహేదా, అవ్వ. బషీర్ భార్య. మామ కాలు విరిగింది గదా, మొన్న పట్టి కట్టించుకొని పోయిండ్రు. మందులకు వచ్చింది ఇయ్యాల.”

బషీర్ నాకు తెలుసు. డీజిలు మెకానిక్కు. మూడేళ్ల కిందట పోయాడు. ఇంకో ఇరవై ఆరు రోజులకు ఒప్పందం తీరుతుంది. తీరినాక వస్తే తిరుగుటికెట్టూ, పని చేసినట్టు మంచి కాగితమూ ఇస్తారు. ఆ కాగితం చూపించి హాలియాలో ట్రాక్టర్ల షెడ్డులో చేరాలని వాళ్ల ఆశ. మధ్యలో వదిలి వస్తే ఆ కాగితం రాదు. జాహేదా ప్రతి వారం వచ్చినప్పుడు ఇన్ని రోజులున్నాయి, అన్ని రోజులున్నాయి అని వేళ్లమీద చెప్పేది.

“చీటీ ఏది?”

రఘుపతి సారు ఇచ్చాడు. జాహేదా తన చేత్తోనే రాసింది. పిల్లల పలకల మీద నేర్చుకున్న అక్షరాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కాని వాటి మీద సారు నల్లసిరాతో అడ్డంగా దట్టంగా కొట్టి, పైన తన లైను పెద్ద అక్షరాల్లో రాశాడు. తంతి ఫారం మీద ఎలా కొట్టేవారో అలా. కొట్టినచోట కాగితం నానిపోయింది.

“ఇదేం పని సారు! గిట్ల అన్ని పెద్దక్షరాలు పెడ్తే చావు తంతి లెక్క ఉన్నది. ఊళ్లె తంతి వచ్చిందంటే చదవక ముందే ఏడ్చేటోళ్లు. గోడ మీద ఇది చూస్తే ఆ పిల్లగాడు బతికున్న మనిషిని సచ్చిండనుకుంటడు!”

“కాలు విరిగిందనే ఉన్నది గదా.”

“తంతిల కాలు విరిగిందంటే ఏమని అర్థం చేస్కుంటరో మీకు తెల్వదా? మీరే గదా ముప్పై ఏండ్లు అందిచ్చింది!”

ఆయన సిరాకలానికి మూత పెట్టాడు. మెల్లగా అన్నాడు, “సీరియస్ అని రాసి పంపేటోళ్లం. పోయినోళ్లకు గూడ.”

“మరి?”

“అసలు ముచ్చట లోపల ఉంటది గదా అనుకున్న.”

మెహమూద్ లోపలి ఉత్తరం తెరిచి చూపించాడు. ఉర్దూను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి జాహేదా చెబుతుంటే టైపు చేసినది. పెద్దవాడి పరీక్షలు, చిన్నదానికి జ్వరం తగ్గిన సంగతి, మేనత్త సలాము. కాలు మాటే లేదు. ఉండదు. అది మీది లైనులో రాశానని ఆమె ధీమా.

“నువ్వేమన్న చూసినవా చీటీ?” అన్నాను మెహమూద్‌తో.

“సారు రాసిందే టైపు చేసిన అవ్వ. కింద చూడలే. ఆఖరుకు కమ్ అని ఉండె, గది యాదికున్నది.”

నేను చీటీని కిటికీ వెలుతురుకు పట్టాను. చుక్కల వల్ల కళ్లలో నీళ్లు. ఒకచోట రైస్ అన్న మాటలా ఉంది. ఇంకోచోట నాట్ అని ఉందో, నౌ అని ఉందో. రమ్మంటోందా, ఇప్పుడు రమ్మంటోందా, రావద్దంటోందా?

నాకు తెలిసినంతలో లైను నేనే కట్టవచ్చు. కాలు విరిగింది, ఏం ఫరవాలేదు, పని పూర్తిచేసి రా. అలా రాస్తే బషీర్‌కు నిదానం. జాహేదా కూడా అదే రాసి ఉంటుందని తొంభై పాళ్లు అనిపించింది. మెహమూద్ అదే అన్నాడు.

“నువ్వే రాయి అవ్వ. ఆరు కావస్తాంది. నీకు తెల్వని ముచ్చటనా?”

పెన్సిలు తీసుకున్నాను కూడా. చేయి ఆగింది.

ఎనభై మూడులో మా ఇంటి పక్కన కురుమయ్య ఉండేవాడు. మర్రిగూడ వైపునుంచి గొర్రెలతో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొడుకు బీరప్ప భీవండిలో మగ్గం పనిలో ఉండేవాడు. ఒకరోజు కార్డు వచ్చింది. చదివిపెట్టమని నా దగ్గరకు తెచ్చాడు. బీరప్పకు చాలా జబ్బుగా ఉంది, వెంటనే రమ్మని ఉంది అందులో. కురుమయ్య మొహం చూశాను. నోరు తెరిచి నిలబడ్డాడు. నాకు జాలి పుట్టింది. “జర ఒళ్లు బాగలేదట, వీలు చూసుకొని రమ్మన్నరు,” అని చదివాను. ఆయన గొర్రెలకు కాపు చూసుకొని నాలుగో రోజు బయల్దేరాడు. పోయేసరికి అంతా అయిపోయింది. కార్డు అక్కడ ఎవరో మళ్లీ చదివారేమో, కురుమయ్యకు తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత కార్డులు వస్తే నా గుమ్మం దాటి, రెండు వీధుల అవతల రామమ్మ అనే ఆమె మనవరాలి దగ్గరకు పట్టుకుపోయేవాడు. మా గుమ్మం దాటేటప్పుడు చెప్పుల చప్పుడు వినిపించేది. అంతే.

పెన్సిలు కింద పెట్టాను.

“జాహేదా ఏ బస్సుకు పోతనన్నది?”

“అయిదున్నర దేవరకొండ బస్సు,” అన్నాడు మెహమూద్.

గోడ గడియారంలో అయిదు ఇరవై రెండు. చీటీ, పెన్సిలు, ఒక ఖాళీ కాగితం కొంగులో ముడేసుకొని లేచాను.

“కండ్లకు మందేసుకొని ఎక్కడికి?” అన్నాడు రఘుపతి సారు. “నేను పోత.”

“మీకు ఆ పిల్ల మొహం తెల్సా?”

“తెల్వది.”

“మరి నా చెయ్యి పట్టుకొని నడువుండ్రి. రోడ్డు మసకగ కనవడ్తాంది.”

అరవై ఆరేళ్ల మనిషి, అరవై మూడేళ్ల మనిషిని పట్టుకొని బస్టాండుకు పరుగులాంటి నడక. బత్తాయిలమ్మే ఆమె నవ్వింది. “ఏడికి సారు, గింత జోరుగ?” అని అడిగితే, “తప్పు దిద్దనీకి!” అని అరిచాడాయన. ఆమెకేం అర్థమైందో.

దేవరకొండ బస్సు ఇంజను నడుస్తోంది. కండక్టరు మెట్టు మీద ఉన్నాడు. రఘుపతి సారు బస్సుకు అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసిన చెయ్యి, డ్రైవరు ఆపాడు.

“జాహేదా! దేవరకొండ జాహేదా!” అని పిలిచాను.

మూడో కిటికీలోంచి తల బయటకు వచ్చింది. ఒళ్లో మందుల సంచి.

“ఏంది అవ్వ? ఏమాయె?” ఆమె మొహం తెల్లబోయింది. చెడ్డ కబురు తెచ్చాననుకుంది.

“ఏం కాలే బిడ్డ. నీ మీది లైను మీద సిరా ఒలికింది. నువ్వేం రాసినవో నీ నోటితోని చెప్పు.”

సిరా ఒలికింది అన్న మాట వినగానే పక్కనున్న సారు నన్ను ఓరగా చూశాడు. తరువాత తనే గొంతు సవరించుకున్నాడు.

“ఒలకలే అమ్మా. నేను కొట్టేసిన. మాటలు ఎక్కువున్నయని.”

“ఎక్కువెట్లైతయి సారు?” అంది జాహేదా. “రాత్రి పిల్లగానితోని కూసోని ఒక్కొక్క మాట రాసిన. గోడ మీద చదివేటోడు నిల్చున్న కాడనే సగం సచ్చిపోవద్దని, అబ్బా, అంటే మా మామ, అన్నం తింటున్నడని గూడ పెట్టిన!”

కండక్టరు “జల్దీ, జల్దీ” అన్నాడు. ఖాళీ కాగితం మీద తననే మళ్లీ రాసిమ్మని పెన్సిలు కిటికీలోంచి ఇచ్చాను. మందుల సంచి మీద పెట్టి, పెదవులు కదుపుతూ రాసింది. బస్సులో వాళ్లంతా తొంగిచూశారు. ఒక పెద్దాయన, “పరీక్ష రాస్తాంది పిల్ల” అన్నాడు. రాసి ఇచ్చింది. బస్సు కదిలింది.

కొట్టుకు తిరిగి వచ్చేసరికి ఆరుకు అయిదు నిమిషాలు. చీటీలో ఇలా ఉంది.

bashir ,abba fell leg brokan. he is home and eating rice, do not wory. finish contrakt then come !!!

చివరలో మూడు పొడవాటి ఆశ్చర్యార్థకాలు, పెన్సిలు విరిగేంత గట్టిగా పెట్టింది. నేను బషీర్ మొదటి అక్షరం పెద్దది చేశాను. కామాను ముందు మాటకు అంటించి తరువాత ఖాళీ పెట్టమన్నాను. అబ్బాకూ, చుక్క తరువాతి మాటలకూ పెద్దక్షరాలు. మూడు మాటల్లో తప్పిన అక్షరాలు దిద్దాను. చివరి మూడు గీతలు కొట్టేశాను. పడిపోయాడు, కాలు విరిగింది అన్న రెండు ముక్కల మధ్య ఒక మాట కలిపితే బాగుండునని మెహమూద్ అన్నాడు.

“బాగుంటది. కాని గామె రాయలేదు.”

Bashir, Abba fell leg broken. He is home and eating rice, do not worry. Finish contract then come

మెహమూద్ టైపు చేశాడు. నేను తెర మీద వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం చీటీతో పోల్చాను. రఘుపతి సారు నా భుజం మీదుగా చూసి, “పద్దెనిమిది మాటలు,” అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా. ఆరు కొట్టింది. డబ్బా కీచుమంది, గరగరమంది. ఏడోది పోయింది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రాసినవి పోయాయో లేదో, గుమస్తా అంటించాడో లేదో అని. నాది ఎప్పుడూ అంతే.

శనివారం సాయంత్రం జవాబు వచ్చింది. దాని మీది లైను మా లైనే, ముందు Re అన్న రెండక్షరాలు తప్ప. మిగతాదంతా పంపింది పంపినట్టే తిరిగి వచ్చింది.

“గీ రెండక్షరాలు ఎవరు కలిపిండ్రు? కొట్టెయ్యాల్నా?” అన్నాడు రఘుపతి సారు.

“అది మిషన్ పెట్టింది సారు, జవాబని గుర్తు,” అన్నాడు మెహమూద్.

“మరి నన్నెందుకు తిట్టిండ్రు, మిషన్ కలిపితే ఊకున్నరు!”

సోమవారం జాహేదా వచ్చింది. చంకలో చిన్నది, రెండో చేతిలో సంచి. “నువ్వే చదువు అవ్వ” అంది. చదవడం మొదలుపెట్టాను. బషీర్ గోడ ముందు నిలబడి మొదట కాలు విరిగింది అని చూసి పళ్లెం వదిలేశాడట. తరువాతి మాట చదివి, అన్నం తింటున్నాడని పక్కవాడికి చూపించి నవ్వాడట. ఇరవై ఆరో రోజుకే టికెట్టు. ఇంకో ఇరవై రోజులే ఉన్నాయి.

ఆ తరువాతి లైను దగ్గర ఆగాను. డెబ్బై ఏళ్ల మనిషి కింద పడేదాకా నువ్వేం చేస్తున్నావు, కళ్లు మూసుకున్నావా అని రాశాడు. పిల్ల మొహంలో నవ్వు ఇంకా ఉంది. దాటేసి కింది సలాములకు పోవచ్చు. మెహమూద్‌కు కూడా తెలియదు.

ఉన్నది ఉన్నట్టు చదివాను.

జాహేదా పకాలున నవ్వింది. “అంటడు! అనకుంటే బషీరే కాదు. గిప్పుడు నమ్ముతున్న ఇది ఆయన రాసిందేనని.” కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. “జవాబు రాస్త. ఇయ్యాల మీది లైను పెద్దగుంటది సారు, మల్ల కొట్టకుండ్రి!”

రఘుపతి సారు జేబులోంచి కొత్త పెన్సిలు తీసి చూపించాడు. సిరాకలం ఇంట్లో పెట్టి వచ్చాడట. ఆ రోజు ఆమె చీటీ పక్కన అంచులో ఆయన చిన్న ప్రశ్నగుర్తు పెట్టి నా వైపు జరిపాడు. అబ్బా మిద్దె ఎక్కుతుంటే పడ్డాడని ఆమె రాసినచోట, మిద్దె అన్న మాట దగ్గర అక్షరం తప్పిందేమో అడగమని. నేను అడిగాను. జాహేదా తప్పిందని ఒప్పుకుంది. దిద్దాను.